మూత్రంలో మంటకి మొదటి మందు ఏది? నైట్రోఫ్యూరాన్‌టోయిన్, ఐదు రోజులు, కిడ్నీ లెక్క

మూత్రానికి వెళ్తే మంట, పది నిమిషాలకోసారి వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి. ఈ బాధతో మందుల షాపుకి వెళ్తే చాలాచోట్ల చేతిలో పెట్టేది ఆఫ్లాక్సాసిన్, లేదంటే సెఫిక్సిమ్. కొందరు డాక్టర్ల చీటీల్లోనూ అవే కనిపిస్తాయి. జ్వరం, నడుం నొప్పి, వాంతులు లేని, గర్భం లేని మహిళకి వచ్చే మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌లో ఆ రెండూ మొదటి మందులు కాకూడదన్నది నా వాదన. ముందు చూడాల్సింది నైట్రోఫ్యూరాన్‌టోయిన్. 1953 నుంచి వాడుకలో ఉన్న పాత మందే, అయినా ఇప్పటికీ పనిచేస్తోంది.

ఎందుకు పనిచేస్తోందో తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా తెలుస్తుంది. మింగిన నైట్రోఫ్యూరాన్‌టోయిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. గంటలోపే సగానికి పడిపోతుంది. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలోకి నెట్టేస్తాయి, దాంతో మూత్రాశయంలో మందు గాఢంగా చేరుతుంది. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణమైన ఈ.కోలై బ్యాక్టీరియా తన ఎంజైములతోనే ఈ మందును చురుకైన విషంగా మార్చుకుంటుంది. ఆ విషం బ్యాక్టీరియాలోని ప్రొటీన్ల తయారీ మీద, డీఎన్ఏ మీద ఒకేసారి దెబ్బ కొడుతుంది. దెబ్బ ఒకచోటే పడితే బ్యాక్టీరియా ఆ ఒక్కచోటు మార్చుకుని తప్పించుకోగలదు. ఇక్కడ ఆ దారి అంత సులువు కాదు. మన దేశంలో ఈ.కోలై ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ ఉన్న ఫ్లోరోక్వినొలోన్ తరగతి మందులకి, సెఫిక్సిమ్ తరహా మందులకి పెద్దఎత్తున లొంగకుండా పోయినా, దీనికి ఇంకా బాగానే లొంగుతోంది. మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి అది ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షే కల్చర్. మీ దగ్గర పాత కల్చర్ రిపోర్టు ఉంటే తీసి చూడండి. అందులో ‘ఆర్’ అంటే లొంగదని, ‘ఎస్’ అంటే లొంగుతుందని. సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ‘ఆర్’ ఉండి, నైట్రోఫ్యూరాన్‌టోయిన్ ఎదురుగా ‘ఎస్’ ఉండటం మన ల్యాబుల్లో చాలా మామూలు.

సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ‘ఎస్’ ఉన్నా మామూలు మంటకి అది అక్కర్లేదు. కండర బంధాలు తెగడం, నరాలు దెబ్బతినడం లాంటి ప్రమాదాలు చూసి అమెరికా ఎఫ్‌డీఏ 2016లోనే ఒక మాట చెప్పింది: మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కి వేరే దారి లేనప్పుడే ఈ తరగతి మందులు వాడాలి. మనకి మరో కారణం కూడా ఉంది. లీవోఫ్లాక్సాసిన్ మొండి టీబీ చికిత్సలో కీలకమైన మందు. టీబీ ఉన్నట్టు తెలియని మనిషికి దాన్ని వారం రోజులు ఇస్తే, కాస్త తగ్గినట్టు కనిపించి అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది.

ఎన్ని రోజులు వాడాలన్నది మందుని బట్టి మారుతుంది. నైట్రోఫ్యూరాన్‌టోయిన్ నెమ్మదిగా విడుదలయ్యే రకం 100 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఐదు రోజులు. బ్రిటన్‌లో మూడు రోజులే ఇస్తారు. స్ట్రిప్పు మీద ‘ఎస్ఆర్’ అని ఉందో లేదో చూడాలి, ఎందుకంటే మామూలు రకాన్ని రోజుకి నాలుగుసార్లు వేసుకోవాలి. కోట్రైమోక్సజోల్ మూడు రోజులు చాలు. కానీ ఆ ఊళ్లో ఈ.కోలైలో అయిదో వంతు కంటే ఎక్కువ దానికి లొంగకపోతే గుడ్డిగా మొదలుపెట్టకూడదు. ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడిని నీళ్లలో కలిపి ఒక్కసారి తాగితే సరిపోతుంది. వినడానికి ఇదే తేలిక. కానీ 2018లో జామా పత్రికలో వచ్చిన పరీక్షలో 513 మంది మహిళల్ని రెండు గుంపులు చేసి చూస్తే, 28వ రోజుకి బాధ పూర్తిగా తగ్గినవాళ్లు నైట్రోఫ్యూరాన్‌టోయిన్ గుంపులో 70 శాతం, ఫాస్ఫోమైసిన్ గుంపులో 58 శాతం. ఆ పరీక్షలో నైట్రోఫ్యూరాన్‌టోయిన్ రోజుకి మూడుసార్లు ఇచ్చారన్న సంగతి మరవకూడదు. అయినా తేడా చిన్నది కాదు.

ఇక మన చీటీల్లో తరచూ కనిపించే ఒక పొరపాటు. మంట తగ్గడానికని నైట్రోఫ్యూరాన్‌టోయిన్ పక్కనే సిట్రేట్ సిరప్ రాస్తారు. ఆ సిరప్ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది. ఈ మందు బాగా పనిచేసేది ఆమ్ల మూత్రంలో. అంటే ఒక చేత్తో ఇచ్చిన బలాన్ని ఇంకో చేత్తో తగ్గిస్తున్నట్టే. ఈ రెండూ కలిపి రాయకూడదు. మంట మరీ ఎక్కువగా ఉంటే పారాసెటమాల్ వేసుకోవచ్చు. మందు అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది, మందు ఒంటికి కూడా బాగా పడుతుంది. మూత్రం గోధుమ రంగులోకి మారితే భయపడక్కర్లేదు.

కిడ్నీ విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. కిడ్నీ వడకట్టడం తగ్గితే రెండు నష్టాలు ఒకేసారి వస్తాయి: మూత్రంలోకి చేరే మందు తగ్గుతుంది, రక్తంలో నిలిచేది పెరుగుతుంది. మొదటిదాని వల్ల జబ్బు తగ్గకపోవచ్చు, రెండోదాని వల్ల నరాలు దెబ్బతినొచ్చు. ఎక్కడ ఆగాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. కిడ్నీ వడకట్టే వేగాన్ని నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లని కొలుస్తారు. పాత లేబుల్ నిమిషానికి 60 మిల్లీలీటర్ల దగ్గరే గీత గీసింది. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2014లో దాన్ని 45కి దించి, 30 నుంచి 44 మధ్య ఉన్నవాళ్లకి, మొండి బ్యాక్టీరియా అయితే, మూడు నుంచి ఏడు రోజుల వరకు జాగ్రత్తగా ఇవ్వొచ్చంది. వృద్ధులకు పనికిరాని మందుల అమెరికా జాబితా 2015లో గీతను 30కి మార్చింది, అదీ కొద్దిరోజుల వాడకానికే.

ఉద్దానం నుంచి వచ్చిన ఒక మహిళ అనుకుందాం. కవిటి, సోంపేట చుట్టుపక్కల పైకి ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ఉదాహరణ. వయసు 62, బరువు 48 కిలోలు, కండల నుంచి రక్తంలోకి వచ్చి కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ 1.2. రిపోర్టు చూడగానే ‘కొంచెం ఎక్కువ, ఫర్లేదు’ అనిపిస్తుంది. ఆవిడ కిడ్నీ వడకట్టే వేగం లెక్క వేద్దాం. 140లోంచి వయసు తీసేస్తే 78. దాన్ని బరువుతో గుణిస్తే 3,744. 72ని 1.2తో గుణిస్తే వచ్చే 86.4తో భాగిస్తే సుమారు 43. మహిళ కాబట్టి 0.85తో గుణిస్తే 37. అదే 28 ఏళ్లు, 52 కిలోలు, క్రియాటినిన్ 0.7 ఉన్న అమ్మాయికి లెక్కిస్తే 98. ఇద్దరి క్రియాటినిన్‌లో తేడా అర పాయింటే, కిడ్నీ పనిలో తేడా రెండున్నర రెట్లు. సన్నగా ఉండే పెద్దావిడలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది, అందుకే ఆ అంకె మోసం చేస్తుంది.

28 ఏళ్ల అమ్మాయికి ఆలోచించాల్సింది పెద్దగా లేదు. ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండే జీ6పీడీ లోపం లేదని అడిగి తెలుసుకుని నైట్రోఫ్యూరాన్‌టోయిన్ ఐదు రోజులు ఇవ్వొచ్చు. 62 ఏళ్ల ఆవిడకి నేనైతే మందుకి ముందే కల్చర్ పంపమంటాను. ఆవిడ బీపీకి టెల్మిసార్టాన్ వాడుతుంటే కోట్రైమోక్సజోల్ వద్దు, రెండూ కలిస్తే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. ఒక్క మోతాదు ఫాస్ఫోమైసిన్‌తో మొదలుపెట్టొచ్చు. కల్చర్‌లో మిగతావన్నీ ‘ఆర్’ వచ్చి నైట్రోఫ్యూరాన్‌టోయిన్ ఒక్కటే ‘ఎస్’ అయితే, 37 దగ్గర ఐదు రోజులు ఇవ్వడం తప్పు కాదన్నది నా అభిప్రాయం. 30 కంటే దిగువన మాత్రం వద్దు. షుగర్‌తో అరికాళ్లు ఇప్పటికే తిమ్మిరెక్కుతుంటే 37 దగ్గర కూడా వద్దు. కల్చర్‌లో ప్రోటియస్ అనే బ్యాక్టీరియా వస్తే కిడ్నీ ఎంత బాగున్నా ఈ మందు పనిచేయదు.

చలితో జ్వరం వచ్చినా, ఒకపక్క నడుం పైభాగంలో నొప్పి మొదలైనా ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందని అనుమానించాలి. కిడ్నీ కండలో, రక్తంలో ఈ మందు చాలినంత ఉండదు కాబట్టి ఐదు రోజులు పూర్తయ్యేదాకా ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి మందు మార్పించుకోవాలి. మంట పూర్తిగా తగ్గినవాళ్లు మళ్లీ కల్చర్ చేయించుకోనక్కర్లేదు. బాధ లేనప్పుడు మూత్రంలో కనిపించే బ్యాక్టీరియాకి, గర్భిణులకి తప్ప, సాధారణంగా మందు అవసరం లేదు. అలాంటి రిపోర్టు చూసి నెలల తరబడి రోజుకొక నైట్రోఫ్యూరాన్‌టోయిన్ వాడుతున్నవాళ్లకి పొడి దగ్గు, ఆయాసం మొదలైతే, అది ఊపిరితిత్తుల మీద ఈ మందు ప్రభావం కావచ్చు. మందు ఆపి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.