బ్యాచా, జోనా, వేవా? కిరాణా గోదాంలో ముందు తేల్చాల్సింది ట్రాలీ మీద ఎన్ని ఆర్డర్లన్నదే

ఆన్‌లైన్ కిరాణా గోదాములు నడిపేవాళ్ల మధ్య తరచూ వచ్చే వాదన ఒకటుంది. బ్యాచ్ పికింగ్ మంచిదా, జోన్ పికింగ్ మంచిదా, వేవ్ పికింగ్ మంచిదా? సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చేవాళ్ల దగ్గర కూడా మూడింటినీ పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టిన పట్టిక సిద్ధంగా ఉంటుంది. నన్నడిగితే గందరగోళం మొదలయ్యేది ఆ పట్టికతోనే. ఈ మూడూ ఒకే ప్రశ్నకు మూడు జవాబులు కావు. పికర్ ఒక్క చుట్టులో ఎన్ని ఆర్డర్ల సరుకు తీయాలో చెప్పేది బ్యాచ్. ఎవరు ఏ భాగంలో తీయాలో చెప్పేది జోన్. ఆర్డర్లను ఎప్పుడు, ఎన్నేసి చొప్పున పనిలోకి వదలాలో చెప్పేది వేవ్. ఏ గోదామైనా ఈ మూడు ప్రశ్నలకూ ఏదో ఒక జవాబు ఇచ్చుకోవాల్సిందే. చిన్న ఆర్డర్లు ఎక్కువగా వచ్చే కిరాణాలో వాటిలో రెండింటికి జవాబు సగం ముందే తేలిపోయి ఉంటుంది. లెక్క వేసుకోవాల్సింది మొదటి ప్రశ్నకే.

ఆ లెక్క వేసి చూద్దాం. పప్పులు, సబ్బులు, బిస్కెట్ల వంటి పొడి సరుకు ఉండే హాలులో 10 వరుసలు ఉన్నాయనుకోండి. ఒక్కో వరుస పొడవు 20 మీటర్లు, వరుసకూ వరుసకూ మధ్య 4 మీటర్లు. సగటు ఆర్డర్‌లో ఈ హాలు నుంచి 6 ఐటమ్‌లు ఉంటాయి. అవి ఏ వరుసలోనైనా ఉండొచ్చు. పికర్ ఒక ఆర్డర్ మాత్రమే పట్టుకుని బయలుదేరితే సగటున 5 వరుసల్లోకి వెళ్లాలి. అడ్డంగా చివరిదాకా వెళ్లి రావడం కూడా కలిపితే సుమారు 160 మీటర్ల నడక. సెకనుకు ఒక మీటరు అనుకుంటే నడకకే 160 సెకన్లు పోతాయి. ఐటమ్ వెతికి, తీసి, స్కాన్ చేసి, క్రేట్‌లో పెట్టడానికి 10 సెకన్ల చొప్పున 6 ఐటమ్‌లకు పట్టేది 60 సెకన్లే. అంటే మనం జీతం ఇస్తున్నది ఎక్కువగా నడకకు.

ఇప్పుడు అదే పికర్‌కు 4 క్రేట్లున్న ట్రాలీ ఇద్దాం. 24 ఐటమ్‌ల కోసం దాదాపు అన్ని వరుసలూ తిరగాల్సి వస్తుంది, చుట్టు మొత్తం 256 మీటర్లు. అయినా ఆర్డర్‌కు పడేది 64 మీటర్లే. ట్రాలీ మీద 8 ఆర్డర్లు పెడితే చుట్టు 272 మీటర్లకు చేరుతుంది, ఆర్డర్‌కు 34. అక్కడి నుంచి 16కు వెళ్తే చుట్టు పెరగదు, ఎందుకంటే అన్ని వరుసలూ అప్పటికే తిరుగుతున్నాడు. ఆర్డర్‌కు 17 మీటర్లు. ఒకటి నుంచి నాలుగుకు వెళ్లినప్పుడు మిగిలింది 96 సెకన్లు, నాలుగు నుంచి ఎనిమిదికి 30, ఎనిమిది నుంచి పదహారుకు 17. లాభం ఇలా కుంచించుకుపోతుంటే మరోవైపు ఖర్చు పెరుగుతుంటుంది. పదహారు క్రేట్లలో ఏది ఎవరిదో చూసి పెట్టడానికి ఐటమ్‌కు 2 సెకన్లు ఎక్కువ పట్టినా ఆర్డర్‌కు 12 సెకన్లు పోయినట్టే. చివరికి మిగిలింది 5 సెకన్లు. గంటకు ఒక పికర్ చేసే ఆర్డర్లుగా చూస్తే ఒక్కొక్కటిగా 16, నాలుగేసి 29, ఎనిమిదేసి 38, పదహారేసి 40. ఆ చివరి రెండు ఆర్డర్ల కోసం వరుసలో తిరగనంత పెద్ద ట్రాలీ కొని, ఎదురుగా వచ్చే పికర్ దారి మూసేసే యాజమాన్యాలు ఉన్నాయి. ఎక్కువగా అమ్ముడయ్యే సరుకును ముందు వరుసల్లో సర్దిన గోదాంలోనైతే నడక మొదటే తక్కువ కాబట్టి లాభం ఇంకా తొందరగా కుంచించుకుపోతుంది.

బ్యాచ్‌లో ఇంకో పద్ధతి ఉంది. అన్ని ఆర్డర్ల సరుకునూ కలిపి ఒకే పెద్ద బుట్టలో తీసుకొచ్చి, తర్వాత బల్ల దగ్గర విడదీయడం. బట్టలకో పుస్తకాలకో ఇది బాగానే ఉంటుంది. కిరాణాకు కుదరదు. నూనె డబ్బా కింద బ్రెడ్, డిటర్జెంట్ పక్కన పగిలిన గుడ్లు వస్తాయి. బరువైనవి అడుగున, నలిగేవి పైన పడాలంటే తీసేటప్పుడే ఎవరి క్రేట్‌లో వాళ్లది పెట్టుకుంటూ వెళ్లాలి. చుట్టు కూడా బరువైన సరుకు ఉన్న వరుసలతో మొదలై, చిప్స్ వరుసతో ముగిసేలా ర్యాకులు సర్దాలి.

తీస్తూనే విడదీసే ఈ పద్ధతిలో తప్పు జరిగే తీరు ప్రత్యేకంగా ఉంటుంది. ఒకే ట్రాలీ మీద రెండు ఆర్డర్లకు అదే షాంపూ కావాలి. పికర్ రెండు తీస్తాడు, స్కాన్ కూడా చేస్తాడు, రెండూ 3వ క్రేట్‌లో పెట్టేస్తాడు. 5వ క్రేట్‌కు ఏమీ లేదు. స్టాక్ లెక్క సరిపోతుంది, స్కానర్ పచ్చలైటు చూపిస్తుంది. ఒక్క తప్పుకు ఇద్దరు కస్టమర్లు బాధితులు, కానీ ఫోన్ చేసేది ఒక్కరే. ఎక్కువ వచ్చినవాళ్లు సాధారణంగా చెప్పరు కదా! అందుకే 'ఐటమ్ రాలేదు' అనే ఫిర్యాదులు వచ్చినప్పుడు, అదే ట్రాలీలో అదే ఐటమ్ వేరే ఆర్డర్‌కు కూడా ఉందేమో వెతకాలి. ఎక్కువ ఫిర్యాదుల్లో ఆ జత దొరుకుతుంటే అది ర్యాకులో సరుకు లేకపోవడం కాదు, క్రేట్ మారిపోవడం. మందు కూడా తేలికే: ఐటమ్‌తో పాటు క్రేట్‌ను కూడా స్కాన్ చేస్తేనే తర్వాతి ఐటమ్ చూపించేలా పెట్టాలి. ఒకట్రెండు సెకన్లు పోతాయి, అయినా చేయాల్సిందే.

ఇక జోన్ సంగతి. కిరాణాలో జోన్లను మేనేజర్ కన్నా ముందు ఉష్ణోగ్రతే గీసేస్తుంది. పొడి సరుకు, పాలు పెరుగుల చల్లగది, ఐస్‌క్రీమ్‌లుండే ఫ్రీజర్. ఈ మూడింటినీ ఒకే మనిషి ఒకే చుట్టులో తిరగలేడు. మొదట్లో తీసిన ఐస్‌క్రీమ్ చివరికి కరిగిపోతుంది. పైగా మైనస్ 18 డిగ్రీల గదిలోకి ప్రతిసారీ జాకెట్ వేసుకుని వెళ్లి రావడం మనిషికీ కష్టమే. కాబట్టి మూడు జోన్లు ఎలాగూ తప్పవు. పొడి సరుకు హాలును మళ్లీ రెండు మూడు ముక్కలు చేయాలా అన్నదే ప్రశ్న. చిన్న ఆర్డర్లకు వద్దనే అంటాను. ఎనిమిదేసి ఆర్డర్లు తీస్తున్నప్పుడు ఆర్డర్‌కు నడక ఇప్పటికే 34 సెకన్లకు దిగింది. హాలును రెండుగా చేస్తే అందులో ఆదా అయ్యేది కొన్ని సెకన్లే. బదులుగా దాదాపు ప్రతి ఆర్డరూ రెండు క్రేట్లుగా చీలి, చివర్లో వాటిని మళ్లీ వెతికి కలపాల్సి వస్తుంది.

ఆ కలిపే చోటే జోన్ పికింగ్‌కు అసలు పరీక్ష. డిస్పాచ్ పక్కన ర్యాకుల్లో క్రేట్లు నిండిపోయి, పికర్లేమో చకచకా పని చేస్తుంటే, చాలామంది మేనేజర్లు అక్కడ ఇంకో ఇద్దర్ని వేస్తారు. ముందు చూడాల్సింది వేరే ఉంది. ఒక ఆర్డర్ తాలూకు మొదటి క్రేట్ అక్కడికి చేరిన సమయానికీ చివరి క్రేట్ చేరిన సమయానికీ తేడా ఎంత? అది పది నిమిషాలు దాటుతుంటే లోపం కలిపేచోట లేదు. ఏదో ఒక జోన్ వెనకబడింది, లేదా ఏదో ఒకటి మరీ ముందుగా మొదలైంది. ఆర్డర్ వేగం ఎప్పుడూ చివరి క్రేట్ వేగమే. ముందు వచ్చిన పాల ప్యాకెట్లు అక్కడ చల్లదనం పోగొట్టుకుంటూ ఉండటం అదనపు నష్టం.

వేవ్ విషయానికొస్తే, గంటకోసారి ఆర్డర్లన్నీ కలిపి ఒక్కసారిగా వదలడం షాపులకు లారీల్లో సరుకు పంపే పాత గోదాముల అలవాటు. లారీ టైముకు పోతుంది కాబట్టి అక్కడ అది సరైనదే. ఇంటింటి చిన్న ఆర్డర్లకు అదే తెచ్చిపెడితే, వేవ్ వదిలిన మరుక్షణం వచ్చిన ఆర్డర్‌ను దాదాపు గంటసేపు ఎవరూ ముట్టుకోరు. సగటున ప్రతి ఆర్డరూ అరగంట ఊరికే పడి ఉంటుంది. వేవ్ మొదట్లో వరుసల్లో తోపులాట, చివర్లో నలుగురు పని చేస్తుంటే మిగతావాళ్లు తర్వాతి వేవ్ కోసం ఎదురుచూపు.

వేవ్ లేకపోతే మంచి బ్యాచ్‌లు కుదరవని ఒక వాదన ఉంది. కొట్టిపారేయదగిందేమీ కాదు. ఆర్డర్లు పోగైతేనే దగ్గరదగ్గర వరుసల్లోవి ఏరి కలపొచ్చు. కానీ ఎన్ని పోగవ్వాలి? గంటకు 120 ఆర్డర్లు వస్తుంటే నిమిషానికి రెండు. ఎనిమిది పోగవడానికి 4 నిమిషాలు చాలు. మన లెక్కలో ట్రాలీ చుట్టు పన్నెండున్నర నిమిషాలది. ఆ వేగానికి నలుగురు పికర్లు సరిపోతారు. గంట ఆగడం వల్ల ఆర్డర్‌కు ఇంకో పది సెకన్లు మిగలొచ్చేమో, దానికి కస్టమర్ అరగంట చెల్లించాలా? కాబట్టి ట్రాలీ ఖాళీ అయినప్పుడల్లా సిద్ధంగా ఉన్న ఆర్డర్లతో నింపి పంపడమే మేలు. అర్ధరాత్రి గంటకు 12 ఆర్డర్లే వచ్చే వేళ మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఎనిమిది నిండాలంటే 40 నిమిషాలు పడుతుంది. అందుకే సిస్టమ్‌లో రెండు షరతులు ఉండాలి: ఎనిమిది నిండితే ట్రాలీ కదలాలి, లేదా అందులో అన్నిటికన్నా పాత ఆర్డర్‌కు గడువు దగ్గరపడితే రెండే ఉన్నా కదలాలి. రెండో షరతు పెట్టని చోట రాత్రిపూట ఆలస్యాలు ఎందుకో ఎవరికీ అంతుపట్టవు.

ఒక్క గదికి మాత్రం వేవ్ చక్కగా నప్పుతుంది, అది ఫ్రీజర్. ప్రతి మూడు ఆర్డర్లలో ఒకదానికే అక్కడి ఐటమ్ ఉందనుకుంటే గంటకు 40 ఐటమ్‌లు. వాటికోసం తలుపు 40 సార్లు తెరవనక్కర్లేదు. వ్యాన్ టైము నుంచి వెనక్కి లెక్కపెట్టి, పొడి సరుకు ముందు, చల్లగది తర్వాత, ఫ్రీజర్ అన్నిటికన్నా చివర్లో, ఆ వ్యాన్‌కు కావాల్సినవన్నీ ఒకేసారి తీసి ఇన్సులేటెడ్ బ్యాగుల్లోకి వేయాలి. అంటే ఒకే కప్పు కింద పొడి సరుకుకు ఆగకుండా సాగే చిన్న బ్యాచ్‌లు, ఫ్రీజర్‌కు వ్యాన్ వారీ వేవ్. ఏదో ఒక పద్ధతినే గోదాం మొత్తానికి రుద్దాలన్న నియమం ఎక్కడా లేదు.

ఈ లెక్కంతా ఆర్డర్‌కు 6 ఐటమ్‌ల మీద నిలబడింది. నెల సరుకుల్లాగా 40 ఐటమ్‌ల ఆర్డర్లు వచ్చే గోదాంలో పరిస్థితి వేరు. ఆ ఒక్క ఆర్డరే పికర్‌ను పది వరుసలూ తిప్పుతుంది. ఐటమ్‌కు పడే నడక 7 మీటర్ల లోపే, అంటే ఎనిమిది చిన్న ఆర్డర్ల ట్రాలీకి పడే దానికి కాస్త ఎక్కువ, అంతే. అలాంటి ఆర్డర్ దానంతట అదే ఒక బ్యాచ్. మూడు క్రేట్లు అదే నింపేస్తుంది కాబట్టి ట్రాలీలో పక్కన ఇంకో ఆర్డర్‌కు చోటు కూడా ఉండదు. అక్కడ హాలును ముక్కలు చేసి ఒకేసారి నలుగురితో తీయించడం వల్ల ఆర్డర్ త్వరగా పూర్తవుతుంది, కలిపే శ్రమా గిట్టుబాటవుతుంది. రెండు రకాల ఆర్డర్లూ వచ్చే చోట మొత్తం సగటు చూస్తే 15 దగ్గర ఏదో అంకె వస్తుంది, ఆ అంకెకు సరిపోయే ఆర్డర్ ఒక్కటీ ఉండదు. కాబట్టి చిన్నవాటినీ పెద్దవాటినీ రెండు జాబితాలుగా విడదీసి, వేర్వేరు ట్రాలీలకు పంపాలి.