పంటు దిగేలోగా ఒక పెట్టుబడి

మా మేనల్లుడు ఇంజనీరింగు చదివి, రెండేళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసి, భీమవరానికి తిరిగివచ్చి, ఉద్యోగుల మధ్యాహ్నపు ఆకలిని తన భుజాల మీద వేసుకున్నాడు. ఆకలి ఉద్యోగులదే అయినా డబ్బు ఇంకొకరిది కావాలి కనుక, నాలుగు నిమిషాల్లో వినిపించదగిన ఒక విన్నపాన్ని తయారుచేశాడు. ఇటువంటి విన్నపాలను నగరాల్లో లిఫ్టు ఎక్కి దిగేలోగా వినిపిస్తారట. మన వైపు పెట్టుబడిదారుడు లిఫ్టులో దొరకడు. రొయ్యల చెరువుల రాజుగారు దొరికేది నరసాపురం రేవులో, సఖినేటిపల్లి వెళ్లే పంటు మీద, కారు దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డప్పుడు మాత్రమే. గట్టు మీద ఉన్నంతసేపూ ఆయన చెవికి ఫోను అతుక్కునే ఉంటుంది. అందుచేత విన్నపమంతా వశిష్ఠ గోదావరి దాటేలోగా ముగియాలి. పెద్దదిక్కుగా నన్నూ వెంటబెట్టుకు వెళ్లాడు కనుక, ఆ మహత్తర ఘట్టాన్ని నమోదు చేయవలసిన బాధ్యత నా మీద పడింది.

పంటు కదలగానే మావాడు ట్యాబ్ తెరిచాడు. మొదటి స్లైడులో ముంబయి డబ్బావాలాలు ఉన్నారు. 1890 నుంచీ నడుస్తున్న ఆ ఏర్పాటును భీమవరానికి తెచ్చి, ఇల్లాళ్లు ఇంట్లో వండిన భోజనం బాక్సులను యాప్ ద్వారా ఆఫీసులకు అందిస్తానన్నాడు. డబ్బావాలా వంట చేయడనీ, ఉద్యోగి ఇంట్లోనే వండిన అన్నాన్ని లోకల్ రైలెక్కించి ఆ ఉద్యోగికే చేరుస్తాడనీ, దానికి మూలం ఇల్లొక చివర, ఆఫీసొక చివర ఉండడమేననీ నేను చెప్పబోయి, మేనల్లుడి మొహం చూసి ఊరుకున్నాను. మన ఊళ్లో ఇంటికీ ఆఫీసుకీ మధ్య స్కూటరు మీద పది నిమిషాలు. స్థానికుడైన ఉద్యోగి ఒంటిగంటకు ఇంటికి వెళ్లి, వేడన్నం తిని, ఓ కునుకు తీసి వస్తాడు. ఆ కునుకును ఏ యాప్ డెలివరీ చేస్తుందో స్లైడులో లేదు.

అయితే రెండో స్లైడులో కాస్త పస ఉందని ఒప్పుకోవాలి. 2022లో భీమవరం జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి, వాటితోపాటు పొరుగూళ్ల నుంచి బదిలీ అయినవాళ్లూ వచ్చారు. కుటుంబాన్ని ఏలూరులోనో కాకినాడలోనో ఉంచి గది అద్దెకు తీసుకున్న ఈ ఉద్యోగే మావాడి ఖాతాదారు. ఆయన గదిలో ఒక కరెంటు కుక్కరు ఉంటుందని, ఉదయమే రెండు గిద్దెల బియ్యం అందులో పడేసి, వీధి చివరి కర్రీ పాయింటులో పప్పూ, వేపుడూ, పులుసూ కవర్లలో కట్టించుకుంటాడని మాత్రం రాయలేదు. పోటీదారుల స్లైడులో రెండు పెద్ద యాప్‌ల బొమ్మలు ఉన్నాయి గానీ, సందు సందుకీ ఉన్న కర్రీ పాయింటు బొమ్మ లేదు. దానికి లోగో లేకపోవడమే కారణం కావచ్చు.

"ఒక్కో బాక్సుకి లెక్కేంటబ్బాయ్?" అన్నారు రాజుగారు. నది మధ్యకు వచ్చేశాం.

లెక్క ఇదీ. బాక్సు ధర 120 రూపాయలు. వండిన ఇల్లాలికి సరుకులతో కలిపి 70. డబ్బా, సంచి 5. డెలివరీ కుర్రవాడికి మధ్యాహ్నపు పూటకు 350. పదకొండున్నరకు బయలుదేరి, మూడిళ్లలో బాక్సులు ఎత్తుకుని, ఒంటిగంటంబావులోగా అతడు తిరగగలిగేవి ఆరు ఆఫీసులు, చోటుకి రెండు చొప్పున 12 బాక్సులు. అంటే బాక్సుకి 29 రూపాయలు. మిగిలేది 16. మొదటి నెల ఖాతాదారుకి 30 రూపాయల తగ్గింపు కనుక, పంపిన ప్రతి బాక్సుకీ 14 రూపాయలు చేతినుంచి పడతాయి. రోజుకి వెయ్యి బాక్సులకు ఎదుగుతామని మావాడు గర్వంగా చెప్పాడు. రోజుకి పద్నాలుగు వేలు గోదాట్లో వేస్తామని రాజుగారు వినయంగా అర్థం చేసుకున్నారు.

"అదే కుర్రాడు ఒకే బిల్డింగుకి పాతిక బాక్సులు పట్టుకెళ్తేనో?" అని అడిగి, ఆయనే వేళ్ల మీద లెక్కవేశారు. డెలివరీ 14కి దిగుతుంది, తగ్గింపు లేకుంటే చేతిలో 31 మిగులుతుంది. లాభం ఊరంతా తిరగడంలో లేదు, ఒక్కసారి మెట్లెక్కితే ఎన్ని బాక్సులు దిగాయన్నదానిలో ఉంది. మావాడి ఏడో స్లైడులో మాత్రం మొదటి ఏడాదే తణుకు, తాడేపల్లిగూడెం, అమలాపురం మీద బాణం గుర్తులు ఉన్నాయి.

కుర్రవాణ్ణి ఇంకో గంట ముందు బయలుదేరదీస్తే ఎక్కువ ఆఫీసులు తిరుగుతాడన్నాడు మావాడు. ఇక్కడ వంటింటి అనుభవం గల నేను జోక్యం చేసుకోవలసి వచ్చింది. పొయ్యి మీంచి దించిన బెండకాయ వేపుడు మీద వెంటనే మూత పెడితే ఆవిరి నీరై మళ్లీ వేపుడులోకే దిగుతుంది. అరగంటలో అది కూర అవుతుంది, గంటన్నరలో దానికి పేరు ఉండదు. మే నెలలో పదింటికి కట్టిన పెరుగన్నం ఒంటిగంటకు పులుస్తుంది. కనుక ఈ వ్యాపారానికి రోజంతా కలిపి ఉన్నది ఆ గంటన్నరే.

ఇక ‘ఇంటి వంట’ సంగతి. పిల్లల్ని బడికి పంపాక రెండు పొయ్యిల మీద ఒక ఇల్లాలు పదకొండింటికల్లా పన్నెండు పదిహేను బాక్సులు కట్టగలదు. అంతకు మించితే గాడిపొయ్యి తవ్వాలి, ఇద్దరు సహాయకులు కావాలి. అప్పుడది పెళ్లి వంట. కాబట్టి వెయ్యి బాక్సులకు డెబ్బై మంది ఇల్లాళ్లు కావాలి, అంటే డెబ్బై రకాల పులుసు. సోమవారం నచ్చిన పులుసు మంగళవారం వేరే ఇంటినుంచి వస్తే ఖాతాదారు ఫోన్ చేస్తాడు. దీనికి మావాడు కనిపెట్టిన పరిష్కారం ఏమిటంటే, అన్ని ఇళ్లలోనూ ఒకే కొలత, ఒకే కారప్పొడి, ఒకే రుచి. అలాంటి చోటును మన పెద్దలు చాలాకాలంగా మెస్సు అంటున్నారని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. వండి అమ్మే ప్రతి ఇల్లూ ఆహార భద్రతా సంస్థలో నమోదు కావాలన్న చిన్న విషయాన్ని డెబ్బైతో హెచ్చవేసి చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

అవతలి రేవు దగ్గరపడుతుండగా రాజుగారు చివరి ప్రశ్న వేశారు.

"చెరువులో మేత వేస్తే చెక్ ట్రేలో కూడా కాస్త వేస్తాం. రెండు గంటలాగి ట్రే పైకి లాగి చూస్తాం. మేత మిగిలిపోతే రొయ్యకి ఒంట్లో బాగోలేదనో, మనం ఎక్కువేశామనో తెలుస్తుంది. మరి నీ చెక్ ట్రే ఏది?"

"యాప్‌లో స్టార్లు ఇస్తారండి."

"రొయ్య స్టార్లివ్వదయ్యా. బాక్సులో ఏం మిగిలిందో చూస్తున్నావా?"

"ఆయ్, అవి వాడి పారేసేవండి. వెనక్కి తేనక్కర్లేదు. అదే మన ప్లస్ పాయింటు." ఆ మాట నిజంగానే అయిదో స్లైడులో ఆకుపచ్చ రంగులో ఉంది.

పంటు ఒడ్డుకు తగిలింది. రాజుగారు కారెక్కుతూ, ఒక్కో ఖాతాదారుకి రెండేసి స్టీలు క్యారేజీలు కొనమనీ, ఈ రోజు నిండుది ఇచ్చి నిన్నటి ఖాళీది తెమ్మనీ, అవి కడగకముందు తానే వచ్చి చూస్తాననీ చెప్పి వెళ్లిపోయారు. పెట్టుబడి అంటారా, ఆ క్యారేజీల డబ్బు మాత్రం ఫోనులో పంపారు.

పది రోజుల తరవాత కలెక్టరేటు వైపు ఒక్క భవనం నుంచి తిరిగివచ్చిన పద్దెనిమిది క్యారేజీలను మా అక్కయ్యగారి పెరట్లో వరసగా పెట్టి మూతలు తీశారు. పప్పు గిన్నెలన్నీ నాకినట్టున్నాయి. పదమూడింటిలో బీట్‌రూట్ వేపుడు వేసింది వేసినట్టే ఉంది. మావాడి విన్నపంలో ఆరో స్లైడు పూర్తిగా దానిదే. ‘మా ప్రత్యేక వంటకం’ అని దాని మీద రాసి ఉంటుంది.