సవరణ: అప్పు ఖర్చు లెక్కలో కూపన్ రేటు తప్పు

“కంపెనీ కడుతున్నది 8 శాతమే కదా, మీరూ మొన్న అదే వేశారు. మరి మార్కెట్ ఈల్డ్ ఎందుకంటారు?”

కంపెనీ అప్పు ఖర్చు లెక్కలో మొన్న మేం 8 శాతం కూపన్ వేయడం మా పొరపాటే. కూపన్ అనేది బాండ్ జారీ చేసిన నాడు ఖాయం చేసిన వడ్డీ రేటు. కొత్త ప్రాజెక్టుకు డబ్బు తేవాల్సింది ఇవాళ. ఆ లెక్కలోని బాండ్ ముఖవిలువ 1000, ఏటా వడ్డీ 80, గడువు ఇంకా 5 ఏళ్లు, మార్కెట్ ధర 924.18 రూపాయలు. ఎక్సెల్‌లో ఇలా కొట్టండి:

```
=RATE(5,80,-924.18,1000)
```

10 శాతం వస్తుంది. ఇదే మార్కెట్ ఈల్డ్, అంటే ఇవాళ్టి ధరకు బాండ్ కొని గడువు దాకా ఉంచుకునేవాడికి ఏటా దక్కే రాబడి. ధర ముందు మైనస్ మరిచిపోతే #NUM! అని ఎర్రర్ చూపిస్తుంది. ఇవాళ అదే కంపెనీ 8 శాతానికి కొత్త బాండ్ వేస్తే 1000 పెట్టి కొనేవాడెవడు? పాతదే 924కి దొరుకుతోంది!

ఇక పన్ను. కొత్త అప్పు మీద కట్టే 10 శాతం వడ్డీ లాభంలోంచి మినహాయింపు అవుతుంది. 25.168 శాతం పన్ను కట్టే కంపెనీకి పన్ను ఆదా పోగా అప్పు ఖర్చు 10 × (1 − 0.25168), అంటే 7.48 శాతం. మొన్న మేం రాసిన 5.99 కొట్టేయండి. అయితే నష్టాల్లో ఉండి పన్నే కట్టని కంపెనీకి ఆ ఏడాది ఈ తగ్గింపు దక్కదు. ప్రాజెక్టు నుంచి ముందుముందు వచ్చే డబ్బును ఇవాళ్టి విలువకు మార్చే డిస్కౌంట్ రేటులో ఈ అప్పు ఖర్చు చేరుతుంది. అందులో పన్ను ఆదా తీసేశాక, నగదు ప్రవాహాల్లో మళ్లీ కలపకండి, రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది.