మేడ మీద మూడు బాత్రూంలు, ఒకటే హాఫ్ ఇంచి లైను: ఎందుకు కుదరదంటే

"పైపు సన్నగా ఉంటేనే నీళ్ళకి ప్రెషర్. తోట పైపుకి బొటనవేలు అడ్డం పెట్టి చూడండి, ఎంత దూరం చిమ్ముద్దో. ముప్పావు ఇంచి పైపు వేస్తే ఫోర్సు చచ్చిపోద్ది. కుళాయి ఎలాగూ హాఫ్ ఇంచే కదా, మూడు బాత్రూంలకీ హాఫ్ ఇంచే లాగించేయండి. చాలకపోతే పంపు పెట్టుకోవచ్చు."

సన్న పైపే చాలనేవాళ్ళు చెప్పే మాటలివి. ముందు బొటనవేలి సంగతి చూద్దాం. వేలు పెట్టేది పైపు చివర. అక్కడ సందు తగ్గి నీళ్ళు స్పీడుగా చిమ్ముతాయి గానీ బకెట్టు మాత్రం ఇంకా ఆలస్యంగా నిండుద్ది, కావాలంటే పెట్టి చూడండి. లైను మొత్తం సన్నంగా ఉండటం వేరే కథ, అక్కడ పైపు పొడవునా నీళ్ళు గోడకి రాసుకుంటూ ఉన్న బలం దార్లోనే పోగొట్టుకుంటాయి. అసలు ట్యాంకు నుంచి వచ్చే ప్రెషర్ ఎత్తుని బట్టే అండి, పది అడుగుల ఎత్తుకి సుమారు 4.3 పీఎస్ఐ. కుళాయిలన్నీ కట్టేసి ఉంటే హాఫ్ ఇంచిలోనూ అంతే, ముప్పావులోనూ అంతే. తేడా నీళ్ళు కదిలినప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క. అమలాపురం, పాలకొల్లు వైపు మామూలుగా కట్టే మేడే అనుకోండి, శ్లాబు మీద నాలుగడుగుల దిమ్మె, దాని మీద ట్యాంకు. పై అంతస్తులో షవర్ శ్లాబుకి మూడున్నర అడుగులు కింద ఉంటుంది. అంటే ట్యాంకు అడుగు నుంచి షవర్‌కి ఏడున్నర అడుగులే, మన దగ్గరున్న పెట్టుబడి అదే. మూడు బాత్రూంలకీ కలిపి వెళ్ళే లైను ముప్పై అడుగులు, ఎల్బోలు, టీలు, వాల్వ్ కలిపితే నలభై అడుగుల పైపు కింద లెక్క.

సీపీవీసీ హాఫ్ ఇంచిలో లోపలి బోరు 12 మిల్లీమీటర్ల పైన కొంచెం, ముప్పావులో 18 దాకా. ఒక్కరే స్నానం చేస్తూ నిమిషానికి 6 లీటర్లు వాడితే హాఫ్ ఇంచి లైన్లో మూడడుగుల ఎత్తుకి సమానమైన బలం పోతుంది. ఇంకా నాలుగున్నర మిగిలింది కాబట్టి పర్లేదు, అందుకే కొత్తింట్లో ప్లంబర్ ఒక్క కుళాయి తిప్పి చూపించినప్పుడు అంతా బానే కనపడుద్ది. రెండో బాత్రూంలో కూడా తిప్పారనుకోండి, నీళ్ళు రెట్టింపయితే నష్టం రెట్టింపు కాదు, మూడున్నర రెట్ల పైనే. 12 లీటర్లు రావాలంటే దాదాపు పదకొండు అడుగులు కావాలి, మన దగ్గరున్నది ఏడున్నర! ఇంక ఆ 12 ఎక్కడ్నుంచి వస్తాయి, ఇద్దరికీ కలిపి పది కూడా రావు. అదే 12 లీటర్లకి ముప్పావులో పోయేది రెండడుగుల లోపే. సంక్రాంతికి కూతుళ్ళూ అల్లుళ్ళూ దిగి, భోగి పొద్దున్నే మూడు బాత్రూంలూ ఒకేసారి నడిస్తే ఈ తేడా చెప్పక్కర్లేదు, లోపల్నుంచి కేకలే వినపడతాయి.

కుళాయి హాఫ్ ఇంచే అన్న మాట నిజమే, కానీ ఆ చివరి నాలుగైదు అడుగుల వరకే. ఆ ముక్కలో ఒక్క కుళాయి నీళ్ళే పారతాయి కాబట్టి పోయేది అరడుగు కూడా ఉండదు. అందరి నీళ్ళూ కలిసి పారే లైను మాత్రం ముప్పావు ఉండాలి, ఒక్కో బాత్రూం దగ్గర రెడ్యూసర్ టీ వేసి హాఫ్ ఇంచి దింపుకోవాలి. కొంతమంది మొదటి బాత్రూం దాకా ముప్పావు వేసి అక్కడ్నుంచి హాఫ్ ఇంచి చేసేస్తారు, అప్పుడు చివరి రెండిటికీ పాత ఇబ్బందే కదా.

పంపు పెడితే పని జరగదని నేనను. ఒక బార్ పంపు అంటే ముప్పై మూడు అడుగుల ఎత్తు కలిసొచ్చినట్టే, నీళ్ళు వస్తాయి. కానీ పక్క బాత్రూంలో కుళాయి తిప్పినప్పుడల్లా మీ షవర్ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, గీజర్ నీళ్ళు కలుపుకుని చేసేవాళ్ళకి అదో నరకం, పైగా కరెంటు పోతే మళ్ళీ ఏడున్నర అడుగులే. లావు పైపుకయ్యే అదనం ఒక్కసారే, పంపు మాత్రం జీవితాంతం మోగుతూనే ఉండాలి.

ముప్పావు వద్దనడానికి నాకు తెలిసి సరైన కారణం ఒక్కటుంది. దూరంగా ఒకే గీజర్ పెట్టి వేడి నీళ్ళ లైను లాగితే ముప్పావులో రెట్టింపు పైగా చల్లటి నీళ్ళు నిలవుంటాయి, ముప్పై మూడు అడుగులకి రెండున్నర లీటర్లు. అవన్నీ వదిలితే గానీ వేడి రాదు. మన వైపు బాత్రూంకో గీజర్ పెట్టుకుంటారు కాబట్టి చాలామందికి ఈ గొడవే లేదు.

ఇల్లు కట్టేసి టైల్స్ కూడా అయిపోయినవాళ్ళు గోడ పగలగొట్టే ముందు ఒక పని చేయండి. చివరి బాత్రూంలో ఒక్క కుళాయే తిప్పి బకెట్టు నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి, తర్వాత పక్కది కూడా తిప్పి మళ్ళీ చూడండి. ఒంటరిగా బానే వచ్చి, రెండోది తిప్పగానే చచ్చిపోతే లైను సన్నమైంది. ఒక్కటి తిప్పినా నీరసంగానే ఉంటే ముందు వాల్వ్ పూర్తిగా తెరుచుకుందో లేదో చూసి, కుళాయి మూతిలో జల్లెడ, షవర్ రంధ్రాలు శుభ్రం చేయండి, బోరు నీళ్ళలో తెల్ల పొర కడితే అక్కడే మూసుకుపోతాయి. లైనే సన్నమని తేలితే పాతదాన్ని కదపక్కర్లేదు, ట్యాంకు నుంచి వేరే ముప్పావు లైను శ్లాబు మీదుగా తెచ్చి బయటి గోడ నుంచి చివరి బాత్రూంలోకి దింపండి, లోపల పాత లైను కనెక్షన్ అక్కడ కోసి ఎండ్ క్యాప్ వేసేస్తే మిగతా రెండిటికీ భారం తగ్గుద్ది.