వెంచర్ పేరు, మంజూరైన పటం

వరంగల్ చుట్టూ హసన్‌పర్తి, ధర్మసాగర్, గీసుగొండ, మామునూరు దారుల్లో చెలకలు ప్లాట్లుగా మారుతున్నకొద్దీ, రోడ్డు పక్కన లేచే కమాన్ల మీద పేర్లు పొడవవుతున్నాయి. తన భూమికి ఇష్టమైన పేరు పెట్టుకునే స్వేచ్ఛ వెంచర్ యజమానికి ఉన్నమాట నిజమే. అయితే ఆ పేరులో ఒక సదుపాయం చేరిన మరుక్షణం అది అమ్మకపు ప్రకటన అవుతుందనీ, దానిని మంజూరైన లేఅవుట్ పటంతో పోల్చి చూడాలనీ మా అభిప్రాయం.

ఉదాహరణకు హసన్‌పర్తి వైపు పదెకరాల్లో 'లేక్ వ్యూ గేటెడ్ టౌన్‌షిప్' పేరుతో ఒక వెంచర్ వేశారనుకుందాం. పదెకరాలంటే 48,400 గజాలు. అందులో పది శాతం, అంటే సరిగ్గా ఒక ఎకరం, ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లకు ఇంచుమించు మూడో వంతు పోతుంది. ఈ రోడ్లనూ ఖాళీ స్థలాన్నీ యజమాని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. అప్పగించిన రోడ్డు అందరిదీ అవుతుంది కనుక, దానికి అడ్డంగా గేటు వేసి పక్క ఊరి రైతు ట్రాక్టరును ఆపే హక్కు అక్కడి ప్లాటుదారులకు ఉండదు. గేటెడ్ సముదాయంగా విడిగా అనుమతి తీసుకోని మామూలు లేఅవుట్‌కు 'గేటెడ్' అని పేరు పెట్టడమంటే, చేతిలో ఉన్న అనుమతి పత్రమే కాదనే దానిని అమ్మడం. కమాన్ కట్టి కాపలాదారును కూర్చోబెట్టినంత మాత్రాన ఈ స్థితి మారదు.

బ్రోచర్‌లో కనిపించే క్లబ్‌హౌస్ సంగతీ ఇంతే. చాలాసార్లు దానిని పార్కు మూలన గీస్తారు. పార్కు స్థలాన్ని అప్పగించాక అందులో ప్రైవేటు భవనం లేవదు. నిజంగా కట్టే ఉద్దేశం ఉంటే అమ్మకపు ప్లాట్లలోనే కొన్నింటిని దానికి వదులుకోవాలి, ఆ సంగతి పటంలో కనిపించాలి. గజాల లెక్కన అమ్ముకునే భూమిని అలా వదులుకునే వారు ఎందరుంటారో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇక 'లేక్ వ్యూ'. కాకతీయుల కాలం నుంచి చెరువులకు పేరుబడ్డ ఈ ప్రాంతంలో వెంచర్ నుంచి నీళ్లు కనిపించడం అబద్ధం కాకపోవచ్చు. కానీ చెరువు వెంచర్ యజమానిది కాదు, దాని నీటిమట్టం ఆయన చేతిలో లేదు. పైగా పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు కూడదు. అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు ఈ దూరం 9 మీటర్లు. అందువల్ల పేరులో చెరువు ఎంత దగ్గరగా ఉంటే, కొనేవారు ఆ గీత ఎక్కడుందో అంత గట్టిగా అడగాలి. మామునూరు వైపు 'ఎయిర్‌పోర్ట్' పేర్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అక్కడి విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినా, అనుమతి రావడం వేరు, విమానం ఎగరడం వేరు. విమానాశ్రయానికి నిజంగా దగ్గరైతే ఇంటి ఎత్తు మీద ఆంక్షలు కూడా వస్తాయి, ఆ మాటను మాత్రం ఏ కమాన్ మీదా రాయరు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్‌ను అమ్మకానికి ప్రకటించే ముందే స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరా వద్ద నమోదు చేయాలి. 2016 నాటి రెరా చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోని తప్పుడు మాటను నమ్మి డబ్బు కట్టి నష్టపోయిన వారికి పరిహారం దక్కుతుంది, వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగి వస్తుంది. అయితే 'అది పేరు మాత్రమే, హామీ కాదు' అని అమ్మకందారు వాదించే వీలు మిగిలే ఉంది. రిజిస్ట్రేషన్ దస్తావేజులో భూమిని గుర్తించేది ప్రధానంగా సర్వే నంబరు, ప్లాటు నంబరు, హద్దులే కావడంతో కమాన్ మీది హామీలకు అందులో ఆధారం దొరకదు. అందుకే బ్రోచర్‌నూ, ఏజెంట్ ఫోనుకు పంపిన ప్రకటననూ కొనుగోలుదారులు తేదీతో సహా దాచుకోవాలి.

పేరు పెట్టేవారికి కష్టమైన పనేమీ లేదు. ఊరి పేరు, పాత చెలక పేరు, ఇంటి పెద్దల పేరు, పూల పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, వాటిలో ఏదీ నల్లా నీళ్లనో ఈత కొలనునో వాగ్దానం చేయదు. ముందు ముందు రాబోయే సదుపాయాన్ని చెప్పుకోవాలనుకుంటే, రెరాకు ప్రమాణ పత్రంలో ఇచ్చిన గడువుతో సహా బ్రోచర్ లోపల రాయాలి, పేరులో కాదు. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ లేఅవుట్‌కు ఆమోదం ఇచ్చేటప్పుడే ప్రచారంలో వాడబోయే పేరును దరఖాస్తులో అడిగి, అందులో చెప్పిన సదుపాయం పటంలో చూపలేకపోతే మార్చమని తిప్పి పంపాలి. ఆమోదించిన పేరును లేఅవుట్ నంబరుతో పాటు పటం మీదే ముద్రించాలి, కమాన్ మీద అంతకు మించి ఒక్క మాట కనిపించినా నోటీసు ఇవ్వాలి.