బొమ్మల దుకాణానికి అజ్ఞాతవాసం

కొనేవారి కంట పడకుండా వ్యాపారం చేయడం ఒక విద్య. పూర్వం దీనికి కొంత శ్రమ అవసరమయ్యేది. సందు చివర దుకాణం తీసుకోవాలి, బోర్డును వేపచెట్టు వెనక తగిలించాలి. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో వేలితో పక్కకు జరుపుతూ చూసే స్లైడ్ల వరుస, అంటే ఒక కారౌసెల్ పోస్టు పెడితే చాలు. ఎంవీపీ కాలనీలో ఏటికొప్పాక బొమ్మలు అమ్మే నా మిత్రుడు ఈ విద్యలో ఎంత ఎత్తుకు ఎదిగాడో లోకానికి చెప్పడం నా బాధ్యత. ఆయన గురించి లోకానికి మరో విధంగా తెలిసే అవకాశం లేదు మరి.

ఆయన దాచినది చిన్నాచితకా సరుకు కాదు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను చెక్కి, లక్కతో సహజ రంగులు అద్దే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటమెక్కి ఢిల్లీ కర్తవ్య పథ్‌లో ఊరేగాయి. దేశమంతా చూసిన వస్తువును సొంత విశాఖలో ఎవరికీ దొరక్కుండా చేయాలంటే మాటలా? మిత్రుడు పన్నెండు స్లైడ్లతో ఆ పని పూర్తి చేశాడు.

మొదటి స్లైడు సాయంత్రపు ఆర్‌కే బీచ్ ఫోటో. దాని మీద సన్నని తెల్లని వంకర అక్షరాల్లో ‘బాల్యం పిలుస్తోంది’. రెండోదాని మీద ‘ఆ సవ్వడి వినిపిస్తోందా?’. ఏడో స్లైడు దాకా బొమ్మ అన్న మాట రాదు. ఏటికొప్పాక అన్న పేరు పన్నెండింటిలో ఎక్కడా లేదు. ఆఖరి స్లైడులో ఒక మూల, భూతద్దం ఉన్నవారి సౌకర్యార్థం, దుకాణం పేరు ఉంది. ఫోటోల కింద రాసే క్యాప్షన్‌లో ‘కొన్ని మాటల్లో చెప్పలేం’ అని ఉంది. నిజమే, చెప్పలేదు.

ఈ కళాఖండాన్ని సెర్చ్ పెట్టె ఆదరించలేదు. ఆ పెట్టెకు సాహిత్యాభిరుచి బొత్తిగా లేదని నేను విచారంతో ప్రకటిస్తున్నాను. పెళ్ళిలో ఎదురైన పెద్దాయన ‘ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?’ అని అడిగినట్టు, దానికి కావలసింది ఊరూ పేరూ మాత్రమే. ఏడాది పాప పుట్టినరోజుకు బొమ్మ కొనాలనుకున్న తల్లి అందులో `etikoppaka toys vizag` అని టైపు చేస్తుంది. ‘నా బాల్యం ఎక్కడ పిలుస్తోంది’ అని ఏ తల్లీ టైపు చేయదు. ఈ విషయంలో తల్లులది కూడా తప్పే.

యంత్రం స్లైడును ఎలా చదువుతుందో తెలిస్తే కవుల గుండెలు చెరువులవుతాయి. స్లైడంటే దానికి ఒక చిత్రం, అంతే. అందులోని రాత దానికి అక్షరాలుగా అందదు. ముందు చిత్రంలో అక్షరాల్లాంటివి ఎక్కడున్నాయో వెతికి, ఆ ముక్కను వేరు చేసి, తర్వాత ఒక్కో మాటా గుర్తుపట్టాలి. ఫేస్‌బుక్ సంస్థ 2018లో రొసెట్టా అనే తన వ్యవస్థను పరిచయం చేసినప్పుడు, అది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చిత్రాల్లోని రాతను ఇలాగే రోజుకు వంద కోట్లకు పైగా చదువుతోందని చెప్పింది. ఫోటోల వెతుకులాటను మెరుగుపరచడం దాని పనుల్లో ఒకటి. అలల నురుగు మీద తెల్లని అక్షరాలు పెడితే ఆ చదువు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు. మన లిపికి ఇంకో గండం ఉంది. ‘ఏటికొప్పాక’లోని ప వత్తును అలంకారం కోసం సాగదీసి పక్క అక్షరానికి చుట్టబెడితే, యంత్రం దాన్ని ఏ పేరుగా చదువుతుందో చెప్పలేం.

మిత్రుడి మేనకోడలు ఈ సంగతిని అతి క్రూరంగా రుజువు చేసింది. ఫోనులో గూగుల్ లెన్స్ తెరిచి, మొదటి స్లైడు చూపించి, అందులోని రాతను కాపీ చేయమంది. బాల్యం రాలేదు. ఫోటోలో వెనకాల ఒక బండి ఉంది. దాని బోర్డు మీద ఎర్రరంగుతో లావుగా ఉన్న ‘మురీ మిక్చర్’ మాత్రం తప్పు లేకుండా వచ్చింది.

“మావయ్యా, యంత్రం లెక్కలో నువ్వు మరమరాలు అమ్ముతున్నావు” అంది.

“అందం అక్కర్లేదా తల్లీ?” అన్నాడాయన.

“పదో స్లైడులో పెట్టుకో. మొదటి దాంట్లో ఏం అమ్ముతున్నావో చెప్పు. సెర్చ్‌లో కనిపించేది అదొక్కటే.”

ఆ అమ్మాయి పని తీరు చూస్తే, కవిత్వం మీద ఆమెకు వ్యక్తిగత కక్ష ఉందనిపించింది. వాట్సాప్‌లో మావయ్యను కొత్తవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. తర్వాత ఆ దుకాణంతో సంబంధం లేని స్నేహితురాలి ఫోనులో `etikoppaka` వరకు టైపు చేసి, కింద వచ్చే సూచనలు చూసింది. సొంత ఫోను మన పాత వెతుకులాటలను గుర్తుంచుకుని మనకు నచ్చినవే చూపిస్తుంది కాబట్టి, దాన్ని నమ్మలేదు. రెండింటిలోనూ కనిపించిన మాటలనే స్లైడుకు ఒకటి చొప్పున శీర్షికలుగా పెట్టింది.

మొదటి స్లైడులో లేత పసుపు నేల మీద ముదురు లావు అక్షరాలు: ‘ఏటికొప్పాక బొమ్మలు: ఏడాది పాపకు ఏవి కొనాలి?’. దాని కిందే `Etikoppaka toys, Vizag`. మనవాళ్ళు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు కాబట్టి రెండు లిపులూ ఉండాలట. రెండో స్లైడు ‘నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా?’. మూడోది ‘అంకుడు కర్ర అంటే ఏమిటి?’. నాలుగోది ధరలు. ధర రాయడమంటే మా మిత్రుడి దృష్టిలో బట్టలు విప్పి బజారులో నిలబడటమే. అయినా రాయించింది.

స్లైడు మీద ఉన్నది చాలదని, అదే మాటను క్యాప్షన్ మొదటి వాక్యంలోనూ పెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ తన సెర్చ్ గురించి చెప్పినప్పుడు ఖాతా పేరు, పరిచయం, క్యాప్షన్, హ్యాష్‌ట్యాగ్, ప్రదేశం అనే వాటినే ముందుగా పేర్కొంది. కాబట్టి స్లైడు రాత ఒక్కదాన్నే నమ్ముకోవడం ఒంటికాలి మీద తపస్సు. ప్రొఫెషనల్ ఖాతాల బహిరంగ పోస్టులు 2025 జూలై నుంచి గూగుల్‌లో కూడా కనిపించవచ్చు గనుక, దాక్కోవడం మరింత కష్టమైంది.

ఇక్కడ మిత్రుడికి ఉత్సాహం వచ్చింది. ఉత్సాహం ఆయనకు ఎప్పుడూ మంచిది కాదు. ఒక్కో చిత్రానికి విడిగా రాసే వర్ణన గడి ఒకటి ఉంటుంది, ఆల్ట్ టెక్స్ట్ అంటారు. చూపు లేనివారికి ఫోను దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. అందులో ఆయన ‘బొమ్మలు వైజాగ్ బొమ్మలు చవక బొమ్మలు మంచి బొమ్మలు’ అని నింపాడు. మేనకోడలు ఫోనులో ఆ చదివే ఏర్పాటును ఆన్ చేసి, దాన్ని ఆయన చెవి దగ్గర పెట్టి, పన్నెండు స్లైడ్లూ వినిపించింది. నాలుగోదానికే ఆయన క్షమించమన్నాడు. ‘పసుపు, ఎరుపు లక్క పూసిన చెక్క బొంగరం, పక్కన గిలక్కాయ’ అని ఆమె తిరిగి రాసింది. వర్ణన వర్ణనగానే ఉంది, వెతికే మాటలూ వాటంతట అవే అందులోకి వచ్చాయి.

కొన్నాళ్ళకు కొత్త మొహాలు రావడం మొదలైంది. గణాంకాల్లో, పోస్టు చూసినవారిలో ఖాతాను అనుసరించనివారి వాటా పెరిగింది. స్నేహితురాలి ఫోనులో ఆ మాటలు కొడితే పోస్టు పై వరుసల్లోనే కనిపిస్తోంది. మధ్యాహ్నం నిద్ర పోయిందని మిత్రుడు నా దగ్గర వాపోయాడు. ఆ బాధలోనే, మేనకోడలు ఊళ్ళో లేని రోజు చూసి, జనం ఎక్కువగా వెతుకుతారని మొదటి స్లైడులో ‘కొండపల్లి బొమ్మలు’ అని కూడా చేర్చాడు.

ఇప్పుడు రోజూ దశావతారాల సెట్టు కోసం ఫోన్లు వస్తున్నాయి. పోస్టు తెరిచినవారు బొంగరాలు చూసి వెంటనే వెళ్ళిపోతున్నారు. ఫోన్ చేసినవారికి మాత్రం ఆయన ఓపిగ్గా, “లేదమ్మా, అవి పొణికి కర్రవి, విజయవాడ దగ్గర దొరుకుతాయి, ఇవి అంకుడు కర్రవి” అని వివరిస్తున్నాడు. నిన్న ఒకాయన అంతా విని, “అయితే విజయవాడలో మంచి దుకాణం ఒకటి చెప్పండి” అని అడిగి, నంబరు రాసుకుని, కృతజ్ఞతలు చెప్పి పెట్టేశాడు.