హెచ్చరికలు సున్నా

విజయనగరంలో నేను పనిచేసే మందుల టోకు దుకాణానికి బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి మొదలుకొని కొత్తవలస దాకా ఏడు శాఖలున్నాయి. ప్రతి శాఖ ఆనాటి బిల్లులను ఒక ఫైలుగా పంపితే, రాత్రి ఒంటి గంటకు నేను రాసిన స్క్రిప్టు ఆ ఏడు ఫైళ్లనూ చదివి, మర్నాడు ఎక్కడికి ఏ మందు ఎంత పంపాలో తేలుస్తుంది. ఇదంతా కళ్లకు కట్టేలా ఒక డాష్‌బోర్డు కూడా తయారుచేశాను గాని, మూడు నెలల్లో దాన్ని తెరిచింది నేనూ, పొరపాటున క్రికెట్ స్కోరనుకుని ఒకసారి మా గుమాస్తా గారూ మాత్రమే.

ఎవరూ తలుపు తియ్యని ఇంటికి పిలిచే బదులు కబురే వాళ్ల ఇంటికి పంపుదామని, ఉదయం ఏడింటికి అందరికీ ఒక ఈమెయిల్ వెళ్లే ఏర్పాటు చేశాను. అందులో మూడే సంగతులుంటాయి: చదివిన బిల్లులు, హెచ్చరికలు, పట్టిన సమయం. మామూలు రోజున దాదాపు 1,900 బిల్లులు, నలభై హెచ్చరికలు, ఆరు నిమిషాలు. బ్యాచ్ నంబరు వెయ్యకుండా వదిలేసిన బిల్లులే ఆ హెచ్చరికల్లో ఎక్కువ. మా యజమాని గారు మిగతా రెండు అంకెలనూ వదిలేసి, "ఆ నలభై ఎప్పుడు తగ్గుతాయి?" అని రోజూ నాకు ఫోను చేసేవారు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం జరిగింది. బుధవారం నాటి ఉత్తరంలో బిల్లులు సున్నా, హెచ్చరికలు సున్నా అని ఉంటే, సిరిమాను నాడు బేరాలెక్కడివని నేనే సమాధానం చెప్పుకున్నాను. సిరిమాను తిరిగేది విజయనగరంలో గాని బొబ్బిలిలో కాదన్న భూగోళ జ్ఞానం ఆ ఉదయం నాకు కలగలేదు. గురువారమూ సున్నాలే వచ్చాయి. ఆ రోజు యజమాని గారు ఫోనులో కాక స్వయంగా నా బల్ల దగ్గరకు వచ్చి, రెండు రోజులుగా ఒక్క హెచ్చరికైనా లేకుండా చేసినందుకు అభినందించి, అందరికీ కాజాలు తెప్పించారు. నేను రెండు తిన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బొబ్బిలి శాఖ ఆయన ఫోను చేశారు. "ఏటి బాబూ, మూడు రోజుల్నుంచి సరుకు రావట్లేదు. బీపీ మాత్రలకొచ్చినోళ్లకి నేనేటి చెప్పీది?" అన్నారు. అప్పుడు గాని నేను ఉత్తరంలోని మూడో అంకె చూడలేదు. పట్టిన సమయం: రెండు సెకన్లు.

సంగతేమిటంటే, పండుగకు ముందు కంప్యూటరు దులిపి బొట్టుపెట్టిన గుమాస్తా గారు, పనిలో పనిగా లోపలి ఫోల్డర్లనూ శుభ్రం చేద్దామని `bills` అనే ఫోల్డరుకు `bills_patavi` అని పేరు మార్చారు. నా స్క్రిప్టులో ఉన్నది ఇది:

```
for f in glob.glob("/data/bills/*.csv"):
    load(f)
```

పైథాన్‌లో ఈ `glob` మహా మర్యాదస్తురాలు. వెతకమన్న ఫోల్డరే లేకపోయినా గొడవ చెయ్యకుండా ఖాళీ జాబితా చేతిలో పెడుతుంది. జాబితా ఖాళీ అయితే లూపు ఒక్కసారీ తిరగదు, లూపు తిరగకపోతే తప్పు జరిగే అవకాశమే లేదు, తప్పు జరగకపోతే స్క్రిప్టు 0 అనే ఎగ్జిట్ కోడ్‌తో హాయిగా ముగుస్తుంది. ఆ 0 చూసి నా ఉత్తరం "విజయవంతం" అని చాటుతుంది. చదవని బిల్లులో బ్యాచ్ నంబరు లేదని హెచ్చరించేదెవరు?

ఫోల్డరుకు పాత పేరు పెట్టి, ఆ సాయంత్రమే ఉత్తరాన్ని తిరగరాశాను. బిల్లుల సంఖ్యకు ముందు ఫైళ్ల సంఖ్యను చేర్చాను, ఎందుకంటే అమ్మకం లేని శాఖ కూడా శీర్షిక వరుస మాత్రమే ఉన్న ఫైలు పంపుతుంది. కాబట్టి ఏడు ఫైళ్లుండి బిల్లులు సున్నా అయితే పండుగ, ఫైళ్లే సున్నా అయితే కొంప మునిగినట్లు. ప్రతి అంకె పక్కనా గత నాలుగు వారాల్లో అదే రోజు నాటి మధ్యస్థ విలువను పెట్టి, అందులో సగానికి తగ్గితే "విజయవంతం" అన్న మాటే రాకుండా చేశాను. మెయిలు తెరవనివారి కోసం ఇదంతా సబ్జెక్టు వరుసలోకే తెచ్చాను. బుధవారం నాటి ఉత్తరం ఈ పద్ధతిలో వచ్చి ఉంటే ఇలా ఉండేది:

```
[CHECK] bills: files 0/7, rows 0 (usual 1900), 2s (usual 6m)
```

అసలు యంత్రమే ఆగిపోతే ఈ ఉత్తరమూ రాదు. దానికి వేరే యంత్రం నుంచి కాపలా పెట్టాలి గాని, ప్రస్తుతానికి ఏడుంబావు దాకా మెయిలు రాకపోతే యజమాని గారే ఫోను చేసే ఒప్పందం కుదిరింది.

శనివారం ఉదయం ఏడు దాటి మూడు నిమిషాలకే ఫోను మోగింది. ఆగిన నాలుగు రోజుల బిల్లులూ ఒకేసారి చదవడంతో ఉత్తరంలో హెచ్చరికలు నూట యాభై దాటాయి.

"నిన్నటిదాకా బాగానే ఉంది కదయ్యా, ఏం కెలికావు?" అన్నారాయన.